పిల్లల శాశ్వత పన్ను వేరుతో సహా ఊడిపడితే: మొదటి గంటలో ఏం చేయాలి

పిల్లలు పడినప్పుడో, మొహానికి బంతి బలంగా తగిలినప్పుడో పైవరస ముందు పన్ను ఒక్కోసారి వేరుతో సహా ఊడి కిందపడుతుంది. అలా వచ్చేసిన శాశ్వత పన్నును తిరిగి అదే గుంటలో పెడితే అది నిలబడే అవకాశం ఉంది. అయితే ఆ అవకాశం డెంటిస్ట్ చేతిలో కంటే ముందు మీ చేతిలో ఉంటుంది. డెంటిస్ట్ దగ్గరికి చేరేలోపు పన్ను ఎంతసేపు ఆరిపోయి ఉందన్నదే చాలావరకు ఫలితాన్ని తేల్చేస్తుంది.

కారణం ఇది. పన్ను వేరు ఎముకలో నేరుగా నాటుకుని ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పీచులతో అల్లిన పొర ఒకటి ఉంటుంది. పన్ను ఊడినప్పుడు ఆ పొర మధ్యకు తెగి, సగం గుంట గోడకీ సగం వేరుకీ అంటుకుని ఉండిపోతుంది. వేరు మీద మిగిలిన ఆ కణాలు బతికి ఉంటే, పన్ను తిరిగి పెట్టాక రెండు వైపులా కలిసి మానుతాయి. అవి చచ్చిపోతే ఎముక నేరుగా వేరుకు అతుక్కుంటుంది, ఆ తర్వాత కొన్నేళ్లలో వేరును మెల్లగా కరిగించి దాని చోటులో ఎముకే పెరుగుతుంది.

ఆ కణాలకు అసలు శత్రువు గాలి. పన్ను వెంటనే, లేదా సుమారు 15 నిమిషాల్లోపు గుంటలోకి వెళితే కణాలు చాలావరకు బతికే ఉంటాయి. పొడిగా 30 నిమిషాలు గడిస్తే ఎక్కువ భాగం పోతాయి. పొడిగా 60 నిమిషాలు దాటితే బతికినవి ఉండవనే లెక్క. ఇక్కడ ‘పొడిగా’ అన్నది ముఖ్యం. తగిన ద్రవంలో ఉన్న పన్ను విషయంలో గడియారం చాలా నెమ్మదిగా నడుస్తుంది. కింద చెప్పే పనులన్నీ పన్ను పొడిగా ఉండే ఆ నిమిషాలను తగ్గించడానికే.

ముందు పిల్లాడిని చూడండి, తర్వాత పన్ను

పన్ను కోసం వెతకడానికి ముందు అర నిమిషం బిడ్డ మీద పెట్టండి. స్పృహ తప్పిందా, మాటలు తడబడుతున్నాయా, వాంతులు అవుతున్నాయా, మగతగా ఉందా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది తలకు తగిలిన దెబ్బ. అప్పుడు పన్ను గుంటలో పెట్టే ప్రయత్నం చేయకుండా పాలల్లో వేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడ నొప్పిగా ఉందంటే కదపకుండా సాయం కోసం ఫోన్ చేయండి.

ఇవేవీ లేకపోతే బిడ్డను కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచండి. వెనక్కి పడుకోబెడితే రక్తం గొంతులోకి పోతుంది. మడిచిన శుభ్రమైన గుడ్డ ఇచ్చి నోట్లో అదిమి పట్టుకోమనండి. పెదవి, చిగురు చిట్లితే రక్తం చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ నొక్కి ఉంచితే సాధారణంగా 10 నిమిషాల్లో తగ్గుతుంది. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పి మీరు పన్ను కోసం వెతకండి.

పన్ను దొరకకపోతే

మూడు చోట్ల ఉండొచ్చు. ఒకటి నేల మీద లేదా బట్టల మడతల్లో. రెండోది చిగురు లోపలే: దెబ్బకు పన్ను పైకి ఎముకలోకి దిగిపోయి, ఊడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది అక్కడే ఉంది. అలాంటప్పుడు వేలితో లాగడం, కదపడం చేయకండి. మూడోది లోపలికి మింగడమో పీల్చడమో. ఆగకుండా దగ్గు వస్తున్నా, ఊపిరిలో ఈల శబ్దం వినిపిస్తున్నా పన్ను ఊపిరితిత్తుల వైపు వెళ్లిందని అనుమానించి అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లండి. దగ్గు లేకపోయినా, ఎంత వెతికినా పన్ను దొరకలేదంటే ఆ మాట డాక్టర్‌తో చెప్పి తీరాలి. ఎక్స్‌రే అవసరమో లేదో ఆయన తేలుస్తారు.

ఇది పాలపన్నా, శాశ్వత పన్నా?

ఈ ఒక్క ప్రశ్న దగ్గర తొందరపడకండి. పాలపన్నును ఎప్పుడూ తిరిగి పెట్టకూడదు. దాని వేరు కొస దగ్గరే శాశ్వత పన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది. పాలపన్నును పైకి నెట్టితే ఆ మొగ్గ దెబ్బతింటుంది.

వయసు మంచి ఆధారం. కింది ముందు పళ్లు సుమారు 6–7 ఏళ్లకు, పైవరస మధ్య పళ్లు రెండూ 7–8 ఏళ్లకు, వాటి పక్కవి 8–9 ఏళ్లకు శాశ్వతమైనవి వస్తాయి. అయిదేళ్ల లోపు బిడ్డ ముందు పన్ను అయితే అది దాదాపు ఎప్పుడూ పాలపన్నే. తికమక అంతా 6 నుంచి 8 మధ్యలోనే. అప్పుడు పన్నును చూడండి. పైవరస మధ్యలోని శాశ్వత పన్ను సుమారు 8.5 మిల్లీమీటర్ల వెడల్పుతో పలకలా ఉంటుంది, పాలపన్ను 6.5 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. శాశ్వత పన్ను రంగు కొంచెం పసుపుగా, పాలపన్ను పాలలా తెల్లగా ఉంటాయి. కొత్తగా వచ్చిన శాశ్వత పన్ను కొరికే అంచు రంపపు పళ్లలా చిన్న గుట్టలతో ఉంటుంది, అది మంచి గుర్తు. ఊడిన పన్నుకు వేరు దాదాపు లేకుండా మొండిగా ఉంటే అది మామూలుగా ఊడాల్సిన పాలపన్నే అయి ఉంటుంది.

చూసినా తేలకపోతే గుంటలో పెట్టకండి, పాలల్లో వేసి తీసుకెళ్లండి. అనుమానంగా ఉన్నప్పుడు అదే సరైన పని.

పట్టుకోవడం, కడగడం

నోట్లో బయటికి కనిపించే తెల్లటి భాగాన్ని మాత్రమే పట్టుకోండి. పొడవుగా, పసుపు రంగులో, చివర సన్నబడే భాగం వేరు. దాన్ని వేళ్లతో తాకకూడదు. ఆ కణాలు కంటికి కనిపించవు, ఒక్క గట్టి తుడుపుతో ఊడిపోతాయి. వేరు మీద ఎర్రటి పీచులో, మాంసపు ముక్కలో అంటుకుని ఉంటే అవే మనం కాపాడాల్సినవి. చెత్త అనుకుని గీకేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాట్లలో ఒకటి.

వేరు మీద మట్టి, ఇసుక లేకపోతే కడగనే వద్దు. ఉంటే చల్లటి పాలల్లోనో, సెలైన్‌లోనో పన్నును ముంచి మెల్లగా కదిపితే చాలు. అవి అందుబాటులో లేకపోతే బిడ్డ ఉమ్ముతోనే తడపవచ్చు. మంచినీళ్ల కుళాయి తప్ప మరేమీ లేకపోతే సన్నటి ధారలో 10 సెకన్లు, అంతకు మించి వద్దు. నీటిలో ఉప్పు సాంద్రత కణాల లోపల కంటే బాగా తక్కువ కాబట్టి, నీరు లోపలికి చొరబడి కణాలు ఉబ్బి పగిలిపోతాయి. కొద్ది సెకన్లు పర్వాలేదు, నిమిషాలు పర్వాలేదనుకోవద్దు. సబ్బు, డెట్టాల్ వంటి క్రిమినాశకాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్, టూత్‌పేస్ట్, బ్రష్ – ఏదీ తగలకూడదు. క్రిములు చంపుతుందన్న ప్రతిదీ ఆ కణాలను కూడా చంపుతుంది.

మట్టి కణం ఒకటి అరా మిగిలిపోతే దాంతో పోరాడుతూ నిమిషాలు ఖర్చు చేయకండి. డెంటిస్ట్ సెలైన్‌తో శుభ్రం చేస్తారు.

గుంటలో తిరిగి పెట్టడం

అన్నిటికంటే మంచి చోటు దాని సొంత గుంటే. ఏ ద్రవమూ దానికి సాటి రాదు. మొదటి 5 నిమిషాల్లో పెట్టగలిగితే అంతకంటే మేలైనది లేదు. బిడ్డ స్పృహలో ఉండి, మాట వింటూ, సహకరిస్తే ప్రయత్నించండి.

ముందుగా బిడ్డతో ఒక గుక్క నీళ్లు పుక్కిలించి ఉమ్మించండి. గుంటలో తాజా రక్తపు గడ్డ ఉన్నా ఫర్వాలేదు, పన్ను దాన్ని పక్కకు తోసుకుంటూ వెళుతుంది. తర్వాత పన్ను ఏ వైపు ముందో సరిచూసుకోండి. పక్కనున్న జంట పన్నును చూస్తే తెలిసిపోతుంది: పెదవి వైపు నున్నగా కొంచెం ఉబ్బెత్తుగా, నాలుక వైపు గరిటెలా లోపలికి వంగి ఉంటుంది. కొరికే అంచు కిందికి రావాలి. ఈ ఒక్క చూపుకు 10 సెకన్లు పట్టినా నష్టం లేదు, తిరగేసి పెడితే మాత్రం మళ్లీ తీయాల్సి వస్తుంది.

తెల్లటి భాగం పట్టుకుని వేరు కొసను గుంటలోకి దించి, బొటనవేలితో అంచు మీద నిలకడగా మెల్లగా నొక్కండి. మొదట కొంచెం అడ్డు తగిలినట్టు అనిపించి, ఆపై జారినట్టు లోపలికి వెళుతుంది. పక్క పన్నుతో సమానంగా ఎత్తు వచ్చాక ఆగండి. బిడ్డకు నొప్పి ఉంటుంది కానీ దెబ్బ తగిలిన మొదటి నిమిషాల్లో ఊహించినంత ఉండదు. “ఒక్కసారి నొక్కుతాను నాన్నా, అయిపోతుంది” అని చెప్పి చెప్పినట్టే ఒక్కసారిగా చేయండి. నాలుగుసార్లు సగం సగం నొక్కడం వల్ల బిడ్డకు భయం పెరుగుతుంది, వేరు రాసుకుని కణాలూ పోతాయి.

గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయకండి. గుంట గోడ ఎముక విరిగి లోపలికి వంగి ఉండొచ్చు, అలాంటప్పుడు డెంటిస్ట్ ముందు ఎముకను సర్దితే తప్ప పన్ను వెళ్లదు. బిడ్డ చేయి తోసేసినా అంతే. ఒకటి రెండు నిమిషాల్లో కాలేదంటే ఆపేసి పాలల్లో వేయండి. పాలల్లో వేయడం ఓటమి కాదు. ఓపికగా పావుగంట ప్రయత్నిస్తూ పన్నును చేతిలోనే ఆరబెట్టడమే అసలు నష్టం.

లోపలికి వెళ్లాక మడిచిన శుభ్రమైన గుడ్డను పళ్ల మధ్య పెట్టి మెల్లగా కొరికి పట్టుకోమనండి. డెంటిస్ట్ దగ్గరికి చేరేదాకా అది అలాగే ఉండాలి. కొంచెం వంకరగా ఉందేమో, ఒక మిల్లీమీటరు కిందికి ఉందేమో అనిపిస్తే పీకి సర్దకండి. అలాంటి తేడాను డెంటిస్ట్ ఎక్స్‌రే చూసి తర్వాత కూడా సరిచేయగలరు.

బిడ్డకు తీవ్రమైన గుండె జబ్బు ఉన్నా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా, మూర్ఛ వస్తున్నా ఇంట్లో గుంటలో పెట్టవద్దు. పన్నును పాలల్లో వేసి తీసుకెళ్లి, జబ్బు సంగతి ముందే చెప్పండి.

పెట్టలేకపోతే ఎందులో ఉంచాలి?

పాలు. ఎక్కడైనా త్వరగా దొరుకుతాయి, వాటి ఉప్పు సాంద్రతా ఆమ్లతా కణాలకు సరిపడేలా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన మామూలు పాలు బాగుంటాయి. వెన్న తీసినవైనా సరే. చిన్న మూత ఉన్న డబ్బాలో పన్ను పూర్తిగా మునిగేలా పోయండి, 50 నుంచి 100 మిల్లీలీటర్లు చాలు. వేడి పాలు, చక్కెర కలిపిన పాలు, పెరుగు, మజ్జిగ వద్దు. పులిసినవాటి ఆమ్లం కణాలకు పడదు. గడ్డకట్టించకండి, ఐసు ముక్కను నేరుగా పన్నుకు తగిలించకండి. చల్లగా ఉంచాలంటే డబ్బా బయట ఐసు పెట్టుకోవచ్చు.

పన్ను భద్రపరచడానికని తయారుచేసిన ప్రత్యేక ద్రావణం కొన్ని ప్రథమ చికిత్స పెట్టెల్లో ఉంటుంది. చేతిలో ఉంటే అది చాలా మంచిది, దాని కోసం దుకాణాలు తిరగాల్సిన పని మాత్రం లేదు. పాలు వెంటనే దొరకనప్పుడు బిడ్డ చేత ఒక కప్పులో ఉమ్మించి అందులో పన్ను ఉంచవచ్చు. పన్నును ఉమ్ముతో తడిపి వంటింటి పారదర్శక ప్లాస్టిక్ పొరలో గాలి చొరబడకుండా చుట్టడం కూడా పనిచేస్తుంది. సెలైన్ ఆ తర్వాతి మాట. ఇవన్నీ పాలు దొరికేదాకా మధ్యలో వాడుకునేవి. మంచినీళ్లు అన్నిటికంటే చివర: ఏమీ లేనప్పుడు ఆరిపోవడం కంటే నీళ్లే నయం, అంతే.

బుగ్గలో పెట్టుకోమనే సలహా తరచూ వినిపిస్తుంది. పెద్దవాళ్లకు అది కుదరొచ్చు. దెబ్బ తిని ఏడుస్తున్న బిడ్డ మింగేస్తుంది, కాబట్టి పిల్లల విషయంలో వద్దు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా పళ్లను పాడుచేసేది కాగితపు రుమాలు. పన్నును జాగ్రత్తగా శుభ్రమైన కాగితంలోనో, రుమాలులోనో చుట్టి జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది. శుభ్రంగా కనిపిస్తుంది నిజమే, కానీ ఆ కాగితం వేరు మీది తడిని పీల్చేసి గాలి కంటే వేగంగా ఆరబెడుతుంది.

ఫోన్, ప్రయాణం

బయల్దేరేముందు ఒక ఫోన్ చేయండి. “ఎనిమిదేళ్ల పాపకి పైన మధ్యలోని శాశ్వత పన్ను వేరుతో సహా ఊడింది, పాలల్లో ఉంది, పొడిగా ఇన్ని నిమిషాలు ఉంది, ఇప్పుడు డాక్టర్ గారు ఉన్నారా?” అని అడిగితే క్లినిక్‌లో వాళ్లకు తీవ్రత అర్థమవుతుంది, సామాను సిద్ధం చేసుకుంటారు. ‘పన్ను విరిగింది’ అని చెబితే రేపు రమ్మనే అవకాశం ఉంది. పిల్లల దంతవైద్యులు దగ్గర్లో ఉంటే మంచిదే, దూరమైతే ఏ డెంటిస్ట్ అయినా సరే. దంత విభాగం లేని ఆసుపత్రి వరుసలో కూర్చోవాల్సి వస్తే కనీసం పన్ను పాలల్లోనే ఉండాలి.

దారిలో పెదవి మీద బయటి నుంచి చల్లటి గుడ్డ పెట్టండి. నొప్పికి పారాసెటమాల్ ఇవ్వొచ్చు, బరువును బట్టి కిలోకు 15 మిల్లీగ్రాములు మించకుండా: 24 కిలోల బిడ్డకు అది 360 మిల్లీగ్రాముల లోపు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించారో గుర్తుచేసుకోండి. పన్ను మట్టిలో పడి ఉంటే ఆ ప్రశ్న అడుగుతారు.

ఒక ఉదాహరణ

8 ఏళ్ల పాప సాయంత్రం 5:10కి సైకిల్ మీంచి పడి పైవరస మధ్య పన్ను ఊడిందనుకుందాం. స్పృహలో ఉంది, వాంతి లేదు. 5:14కి పన్ను మట్టిలో దొరికింది. అంచు రంపంలా ఉంది, వేరు పొడవుగా ఉంది, శాశ్వత పన్నే. పాలల్లో ఒకసారి ముంచి మట్టి వదిలించి, 5:17కి గుంటలో పెట్టబోతే సగం దూరం వెళ్లి ఆగింది, పాప తల తిప్పేసింది. 5:19కి పన్నును పాల డబ్బాలో వేశారు. 6:05కి క్లినిక్ చేరారు, 6:15కి డెంటిస్ట్ మత్తు ఇచ్చి, లోపలికి వంగిన ఎముక అంచును సర్ది పన్ను పెట్టారు.

పన్ను బయట ఉన్నది మొత్తం 65 నిమిషాలు. కానీ పొడిగా ఉన్నది 9 నిమిషాలే, అదీ మధ్యలో ఒకసారి పాలల్లో తడిసి. కణాల లెక్కలో ఇది మంచి స్థితి. అదే పన్నును 5:14కి రుమాలులో చుట్టి అదే దారిన అదే వేగంతో తెచ్చినా, పొడి సమయం 65 నిమిషాలై కణాలన్నీ పోయి ఉండేవి.

ఈ పాప విషయంలో వయసు కూడా కలిసివచ్చింది. 8 ఏళ్లకు ఆ పన్ను వేరు కొస ఇంకా మూసుకోదు, గొట్టంలా తెరుచుకుని ఉంటుంది. అందులోంచి రక్తనాళాలు తిరిగి లోపలికి పెరిగే అవకాశం ఉంది కాబట్టి డెంటిస్ట్ వెంటనే రూట్ కెనాల్ మొదలుపెట్టకుండా గమనిస్తూ ఉంటారు. వేరు కొస మూసుకున్న పెద్ద పిల్లలకు అలా ఆగరు, సాధారణంగా రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలుపెడతారు. ఆలస్యమైతే లోపలి చచ్చిన కణజాలం నుంచి వచ్చే సూక్ష్మజీవులు వేరును కరిగించేస్తాయి.

గంట దాటిపోతే

పన్ను పొడిగా గంటకు పైగా ఉండిపోయినా పారేయకండి, పాలల్లో వేసి తీసుకెళ్లండి. కణాలు పోయినా చాలా సందర్భాల్లో డెంటిస్ట్ దాన్ని తిరిగి పెడతారు. అది చివరికి ఎముకకు అతుక్కుని, బిడ్డ ఎదుగుతుంటే పక్క పళ్లతో పాటు కిందికి రాకుండా పొట్టిగా మిగలొచ్చు. అయినా ఆ కొన్నేళ్లూ దవడ ఎముక వెడల్పు, ఎత్తు తగ్గిపోకుండా కాపాడుతుంది, తర్వాతి చికిత్సకు దారి తెరిచి ఉంచుతుంది.

క్లినిక్ నుంచి వచ్చాక

పక్క పళ్లకు కలిపి సన్నటి తీగతో కట్టు వేస్తారు. అది మామూలుగా రెండు వారాలు, ఎముక కూడా విరిగితే నాలుగు వారాలు ఉంటుంది. పన్ను కొంచెం కదిలేలా ఉండటం లోపం కాదు. బిగుతుగా కట్టేస్తే ఎముకకు అతుక్కునే ప్రమాదం పెరుగుతుందని కావాలనే అలా వేస్తారు. ఆ రెండు వారాలూ మెత్తటి తిండి, ముందు పళ్లతో కొరకడం లేదు, తోపులాట ఆటలు లేవు. మెత్తటి బ్రష్‌తో తిన్న ప్రతిసారీ తోమించాలి, 0.12 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో రోజుకు రెండుసార్లు పుక్కిలించమంటారు. యాంటీబయాటిక్ రాసిస్తే మధ్యలో ఆపకండి.

కట్టు తీసేశాక పని అయిపోయిందనుకుని చాలామంది మళ్లీ వెళ్లరు. వేరు కరగడం నొప్పి లేకుండానే జరుగుతుంది, ఎక్స్‌రేలోనే ముందు కనిపిస్తుంది. మొదటి ఏడాదిలో కొన్నిసార్లు, ఆ తర్వాత కనీసం అయిదేళ్లు ఏటా ఒకసారి చూపించాలి. ఈ మధ్యలో చిగురు మీద చీము పొక్కు లేచినా, పన్ను బూడిద రంగుకు తిరిగినా, పక్క పన్ను కంటే పొట్టిగా కనిపించడం మొదలైనా తర్వాతి తేదీ కోసం ఆగకుండా ఆ వారమే తీసుకెళ్లండి.